ఉత్తరం బాల్కనీకి ఒక ఆకు

మా ఆయన పోయిన నాలుగు నెలల్లో నేను నాలుగు మొక్కల్ని చంపాను. నెలకొకటి లెక్క. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, అలాగని దాచుకునేదీ కాదు. వాటిలో ఒక్కదాన్ని కూడా నేను తెమ్మని అడగలేదు.

ముందు మా బాల్కనీ సంగతి చెప్పాలి. శంషాబాద్‌లో బస్టాండుకి కాస్త లోపలగా, రెండో అంతస్తు. బాల్కనీ ఉత్తరం వైపు. ఎదురుగా పది అడుగుల్లో ఇంకో అపార్టుమెంటు గోడ. కొన్నప్పుడు బిల్డరు "వేసవిలో చల్లగా ఉంటుందండీ" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. చలికాలంలో కూడా చల్లగానే ఉంటుంది. అక్కడ ఎండ ముఖం కనిపించేది ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా, అదీ పొద్దున ఒక అరగంట, గ్రిల్లు పక్కన జానెడు మేర. మిగతా ఏడాదంతా వెలుతురే గానీ ఎండ లేదు. ఆరేసిన తువ్వాలు మర్నాటికి గానీ ఆరదు.

మా ఆయన ఎయిర్‌పోర్టులో కార్గో వైపు పనిచేసేవారు. నైట్ డ్యూటీలు. పొద్దున ఆరున్నరకి క్యాబు వీధి మొదట్లో దింపేది. గుమ్మంలోకి రాగానే పొడుగు స్టీలు గ్లాసుతో నీళ్ళివ్వడం నా పని. బయటనుంచి వచ్చిన మనిషికి ముందు నీళ్ళు, తర్వాతే మాట. మా అమ్మ నేర్పినవాటిలో నేను మర్చిపోనిది అదొక్కటే. జనవరి పన్నెండున కూడా గ్లాసు నింపి బల్ల మీద పెట్టాను. ఆరూ నలభైకి ఫోన్ వచ్చింది. డ్యూటీలో కుర్చీలోనే వాలిపోయారట. ఆ గ్లాసులో నీళ్ళు ఆ రోజు ఏమయ్యాయో నాకు తెలియదు. వచ్చినవాళ్ళలో ఎవరో తాగేసి ఉంటారు.

నాకు ఏడుపు రాలేదు. కర్మకాండలో రాలేదు, తర్వాతా రాలేదు. అందరూ నా ముఖం కేసి చూసి, ఇదేదో తేడాగా ఉందే అనుకుని, మనసు మళ్ళడానికి మొక్కలు తేవడం మొదలుపెట్టారు. ఏడ్చేవాళ్ళకైతే చేతిరుమాలిస్తే సరిపోతుంది. ఏడవనివాళ్ళకి ఏమివ్వాలో ఎవరికీ తెలియదు.

మొదటిది గులాబీ. ఆయన ఆఫీసువాళ్ళు నెల మాసికం అయ్యాక తెచ్చారు. నాలుగు మొగ్గలతో వచ్చింది. ఒక్కటీ విచ్చుకోలేదు, ఒక్కొక్కటే గోధుమరంగుకి తిరిగి రాలిపోయాయి. తర్వాత ఆకులు పసుపయ్యాయి. గులాబీకి కనీసం అయిదారు గంటల ఎండ కావాలని తర్వాత తెలిసింది. రెండోది తులసి. ఎదురింటి తారాబాయి తెచ్చి, "ఇంట్ల తులసమ్మ ఉండాలె వదినా" అని తనే కుండీలో పెట్టింది. తులసి గ్రిల్లు వైపు మెడ సాచి సాచి, కాడంతా సన్నమై, ఇరవై రోజుల్లో నల్లబడింది. ఇంట్లో తులసి ఎండితే అరిష్టం అని తారాబాయి గుసగుసగా అంది.

"ఇంకా అరిష్టం రావడానికి ఏం మిగిలింది తారా?" అన్నాను. పాపం, వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోది మా చిన్మయి పని. చిన్మయి నా కూతురు, ఒక్కతే. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ధనియాలు నలిపి ఒక ప్లాస్టిక్ తొట్టిలో చల్లి వెళ్ళింది. "అయిదు వారాల్లో కొత్తిమీర కోసుకోవచ్చమ్మా, సులువు" అంది. మొలకలు వచ్చాయి, నిజమే. వచ్చినవి దారాల్లా సాగి ఒకదాని మీద ఒకటి పడుకుని, మొదళ్ళ దగ్గర కుళ్ళిపోయాయి. చారులో వేయడానికి ఒక్క రెమ్మ కూడా దక్కలేదు.

నేను బాధపడలేదు. ఆ రోజుల్లో నేను దేనికీ బాధపడలేదు. అన్నం వండేదాన్ని, కొంచెం తినేదాన్ని, టీవీ పెట్టుకుని దాని కేసి చూసేదాన్ని. నాలుగు గంటలకే మెలకువ వచ్చేది. ఆరున్నరకి క్యానులోంచి గ్లాసు నింపేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను? చేయి నింపేది. నింపాక గుమ్మం దగ్గర కాసేపు నిలబడేదాన్ని. తర్వాత ఆ గ్లాసు ఏం చేయాలి? తాగే నీళ్ళు సింకులో పారబోయడం మా ఇంటావంటా లేదు. పైగా ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగే నీళ్ళు క్యానులో కొనుక్కోవాలి. అందుకని బాల్కనీలోకి వెళ్ళి ఉన్న కుండీలో ఒంపేసేదాన్ని. రోజు అక్కడితో మొదలైనట్టు.

మార్చిలో చిన్మయి నాలుగో మొక్క తెచ్చింది. కత్తుల్లా నిలబడిన దళసరి ఆకులు, అంచులకి పసుపు చార. స్నేక్ ప్లాంట్ అట.

"నర్సరీ ఆయన ఏమన్నాడో తెలుసా అమ్మా? దీన్ని చంపుదామన్నా చావదట. ఎండ అక్కర్లేదు. నీళ్ళు కూడా పదిహేను రోజులకొకసారి, అర గ్లాసు. నీలాంటివాళ్ళ కోసమే పుట్టింది."

ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. ఏ ఆదివారం నీళ్ళు పోయాలో తారీఖులతో సహా రాసింది. తర్వాత బ్యాగు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"చెన్నై కంపెనీవాళ్ళు మే నెలాఖరుకల్లా వస్తానో రానో చెప్పమన్నారు. పరీక్షలయ్యి మే పదిన ఇంటికొస్తాను. అప్పటికి ఈ మొక్క బతికుంటే చెన్నై వెళ్తాను. లేకపోతే వెళ్ళను. ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను."

"మొక్కకీ ఉద్యోగానికీ ఏం సంబంధమే?"

"రోజూ ఫోన్ చేసి తిన్నావా అంటే తిన్నానంటావు. పడుకున్నావా అంటే పడుకున్నానంటావు. మొక్క అబద్ధం చెప్పదు కదా!"

అది వాళ్ళ నాన్న కూతురు. ఆయనా ఇంతే, మాట మెత్తగా, మెలిక గట్టిగా.

చిన్మయి చెన్నై వెళ్ళాలి. ఆ నాలుగు నెలల్లో నేను కావాలనుకున్నది అదొక్కటే. డిసెంబరులో క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు, ఆయన మూడు కిలోల మైసూర్‌పాక్ కొనుక్కుని డ్యూటీకి పోయారు. లోడింగు చేసేవాళ్ళకి కూడా పంచి, పొద్దున ఖాళీ డబ్బాలతో నవ్వుకుంటూ వచ్చారు. నేనిచ్చిన నీళ్ళు తాగి, "మన పిల్ల చెన్నై పోతుందటే" అన్నారు, నాకు తెలియనట్టు. ఆ పిల్ల నా వల్ల ఇక్కడ ఆగిపోతే ఆయన ముఖం ఎలా చూస్తాను? అయినా చూడక్కర్లేదు కదా అని ఒక్కోసారి గుర్తొచ్చేది. ఇంకో నిజం కూడా చెప్పాలి. నన్ను కనిపెట్టుకుని ఇంట్లో ఒక మనిషి కూర్చోవడం నేను భరించలేను.

అందుకని ఆ కాగితం ప్రకారం నడుచుకున్నాను. సరిగ్గా పదిహేను రోజులకొక ఆదివారం, కొలిచి అర గ్లాసు. ఒక్కసారి కూడా తప్పలేదు.

మే మూడున బాల్కనీ తలుపు తీసేసరికి ఒక ఆకు కుండీ అంచు మీద పడి ఉంది. ముట్టుకుంటే మొదలు మెత్తగా, ముగ్గిపోయిన అరటిపండులా ఉంది. మర్నాటికి ఇంకోటి వాలింది. అయిదో తారీఖుకి ఒక్క ఆకే నిలబడి ఉంది, అదీ గోడకి ఆనుకుని. చంపినా చావనిది నా చేతిలో చచ్చింది. చిన్మయి రావడానికి అయిదు రోజులుంది.

నేను కంగారు పడలేదు. అచ్చం ఇలాంటిదే ఇంకోటి కొని అదే కుండీలో పెట్టేస్తే సరి, పిల్ల కనిపెట్టదు అనుకున్నాను. కుండీని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. మామిడిపల్లి వెళ్ళే దారిలో, రోడ్డు పక్కన పచ్చ వలపందిరి కింద ఒక నర్సరీ ఉంది. ఎన్నోసార్లు బస్సులోంచి చూసిందే.

పందిరి కింద అరవై ఏళ్ళ ఆవిడ ఒకతె గొంతుక్కూర్చుని ఎర్రమట్టిలో పెంట ఎరువు కలుపుతోంది. పక్కన ఎవరో "రాములమ్మా, ఈ బంతి ఎక్కడ పెట్టాలె?" అని అడిగితే తల ఎత్తకుండానే చెయ్యి చూపించింది.

"ఇలాంటిదే ఒకటి కావాలమ్మా," అన్నాను సంచి దించి. "ఇదే ఎత్తు ఉండాలి. ఈ కుండీలోనే పెట్టివ్వాలి."

"గిదే ఎత్తు ఎందుకు?"

"మా అమ్మాయి చూస్తుంది."

"సూస్తె ఏమైతది?"

వచ్చిన పని చెప్పక తప్పలేదు. చెన్నై సంగతి, పదో తారీఖు సంగతి చెప్పాను. ఆవిడ మట్టి చేతులు దులుపుకుంది.

"పిల్లను మోసం జేస్తందుకు మొక్క గావాల్నా నీకు? ఇస్త తియ్, నాదేం బోయింది. గని గది గూడ సస్తది. ముందుగాల ఇది ఎందుకు సచ్చిందో సూడనియ్."

కుండీని బోర్లించి అరచేత్తో రెండు దెబ్బలేసింది. మట్టి ముద్దగా ఊడి పడింది. పాడైన పప్పు వాసన. వేళ్ళు గోధుమరంగులో, జిగటగా ఉన్నాయి. ఒక వేరు పట్టి లాగితే పైతోలు ఆవిడ చేతికి వచ్చేసి, లోపలి దారం మిగిలింది. మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే నీళ్ళు కారాయి.

"నీడకు సావలేదమ్మా గిది. నీళ్ళకు సచ్చింది."

"నీళ్ళా! పదిహేను రోజులకొకసారి అర గ్లాసు పోశానమ్మా. కావాలంటే కాగితం ఉంది."

"నీ కాగితం మంచిదే. మరి గీ నీళ్ళేడియి?"

నేను ఖాళీ సంచి మడతపెట్టసాగాను. ఆవిడ వదల్లేదు.

"ఎండ తక్కువున్న కాడ మొక్క తాగేది గూడ తక్కువనే. పోసిన నీళ్ళు గట్లనే నిలుస్తయ్, ఏర్లకు గాలాడది, మురుగుతయ్. వేలు రెండు కణుపుల దాంక మట్టిల పెట్టి సూడాలె. తడి తగిలితె పొయ్యొద్దు. నువ్వు రోజు పోస్తున్నవ్. నిజం జెప్పు."

"పొయ్యడం కాదమ్మా," అన్నాను. "అది పారబోయడం."

"ఏంది పారబోసుడు?"

"మా ఆయనకి పొద్దున ఒక గ్లాసు నీళ్ళు నింపుతాను. డ్యూటీ నుంచి రాగానే తాగుతారని. సింకులో పోయడం ఎందుకని కుండీలో..."

"ఆయిన తాగడా?"

"జనవరిలో పోయారు."

నాలుగు నెలల్లో ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అందరూ తెలిసే వచ్చారు, ఎవరికీ నేను చెప్పాల్సిన పని పడలేదు. పైనుంచి ఒక విమానం దిగుతోంది, చక్రాలు కనిపించేంత కిందికి. నాకు ఏడుపు రాలేదు. గులాబీ, తులసి, కొత్తిమీర, ఇది, అన్నింటికీ అదే గ్లాసు అని మాత్రం అర్థమైంది. ఎండ లేని బాల్కనీ అని అందరం గోడని తిట్టాం. గోడ సగమే చేసింది. మిగతా సగం నేను చేశాను.

రాములమ్మ నేలమీద కూలబడింది.

"మా భూమి గా గోడ అవుతల ఉండె," అంది ఎయిర్‌పోర్టు కేసి గడ్డం చూపించి. "బాయి గూడ. పొద్దుగాల నాలుగింటికి లేసి మోటర్ ఏస్తందుకు పోతుంటిమి. భూమి పోయినంక గూడ ఏడాది దాంక గదే యాళ్లకు లేసిన. లేసి ఏడికి పోవాలె? సెప్పులు తొడుక్కొని వాకిట్ల కూసుంటుంటి. మా ఆయిన కుర్మయ్య నన్ను పిచ్చిదనుకున్నడు."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది? గీ నర్సరీ వెట్టినం. ఇప్పుడు గూడ నాలుగింటికే లేస్త. గని పోయెతందుకు జాగ ఉన్నది."

ఆవిడ లేచి, నా కుండీలో మిగిలిన ఆ ఒక్క ఆకునీ కత్తితో కోసింది. మెత్తబడిన మొదలంతా తీసేసి, గట్టిగా ఉన్నచోట నుంచి జానెడు ముక్క మిగిల్చింది. కింది వైపు కొసని రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి మొన తేల్చింది.

"గీ మొన ఎప్పుడు కిందికే ఉండాలె. తలకిందులు పెడితె ఏరు రాదు. మూడు దినాలు నీడల ఆరనియ్, కోసిన కాడ గట్టివడాలె. తర్వాత నీళ్ళల్ల పెట్టు, రెండు వేళ్ళ లోతు సాలు. నీళ్ళు రోజు మార్చినా తప్పు లేదు. మార్చుడే మంచిది."

"ఎన్ని రోజులకి వేరు వస్తుంది?"

"నెలన్నర అయితది, రెండు నెలలైతది. నీ బాల్కనీల ఇంక జర ఎక్కువనే. పిల్ల మొక్క రావాలంటె ఇంక ఎన్నో నెలలు. వచ్చినా, గీ పసుపు అంచు రాదు. ఒట్టి పచ్చగనే వస్తది."

"ఎందుకని?"

"ఎందుకంటె నాకేం ఎరుక? గట్లనే వస్తది. పాతది పాతదే, కొత్తది కొత్తదే. మరి కొత్త మొక్క కట్టాల్నా నీకు?"

కట్టమంటే పని అయిపోయేది. పిల్లకి తెలిసేది కాదు. వరసలో అచ్చం అలాంటివే పాతిక ఉన్నాయి. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. కొత్తది తెస్తే దానిలోనూ గ్లాసు ఒంపుతానని నాకు తెలుసు, అంతే.

ఆకు ముక్కని ఎనిమిదో తారీఖున గ్లాసులో పెట్టాను. వేరే గ్లాసులు లేక కాదు. నా చేయి రోజూ నింపేది అదే కనక అందులోనే పెట్టాను.

పదిన చిన్మయి వచ్చింది. బ్యాగు దించకుండానే బాల్కనీలోకి వెళ్ళింది. ఖాళీ కుండీ చూసింది. గ్రిల్లు పక్కన స్టీలు గ్లాసులో నిలబడ్డ ఆకు ముక్కని చూసింది.

"ఇది నాన్న గ్లాసు కదా?"

"అవును."

"మొక్క ఏదమ్మా?"

"చచ్చిపోయింది. నేనే చంపాను."

గ్లాసు సంగతి మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను, వార్తలు చదివినట్టు. చిన్మయి బాల్కనీ గచ్చు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు. నేను పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాను. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. పిల్ల ఏడుస్తుంటే తల్లికి ఏడుపు రాకపోవడం ఏమిటని నా మీద నాకే రోత పుట్టింది.

"నేను వెళ్ళనమ్మా," అంది చివరికి. "బతికుంటేనే అన్నాను కదా."

"బతికే ఉంది. అదుగో."

"అది ఆకు. దానికి వేరు లేదు."

"వేరు రావడానికి రెండు నెలలు పడుతుందట. నువ్వు వాళ్ళకి ఈ నెలాఖరుకి చెప్పాలి. అంతదాకా వాళ్ళు ఆగరు. నువ్వు వెళ్ళు. నేను రోజూ నీళ్ళు మారుస్తాను. వేరు రాకపోతే రాలేదనే చెప్తాను. ఖాళీ కుండీని నీ ముందు పెట్టినదాన్ని, ఇంకేం దాస్తాను?"

చిన్మయి నా ముఖం కేసి చాలాసేపు చూసింది. మొక్క స్థానంలో నన్ను పెట్టి చూస్తోందని తెలుసు. ఇరవై ఎనిమిదిన, లాప్‌టాప్ ముందు కూర్చుని, "పంపించేశానమ్మా, వస్తానని" అంది.

జూలై ఆరున రైలెక్కింది. అప్పటికి ఎనిమిది వారాలు దాటాయి, ఆకు అలాగే ఉంది. పచ్చగానే ఉంది, వేరు లేదు. నాకు ఓపిక తక్కువ. వంకాయ ఉడికిందో లేదో మూడుసార్లు మూత తీసి చూసే రకం. కానీ ఆ ఆకు దగ్గర నాకు ఓపిక అక్కర్లేకపోయింది. దాని నుంచి ఏదీ రావాలని నేను ఎదురుచూడలేదు. పొద్దున ఆరున్నరకి పాత నీళ్ళు బకెట్లో పోసేదాన్ని, ఆకుని మొన కిందికి వచ్చేలా పట్టుకుని కొత్త నీళ్ళు నింపేదాన్ని. అరగంట ఎండ వచ్చి దాని మీద పడి పోయేది. నేను గుమ్మం దగ్గర నిలబడటం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

జూలై ఇరవై రెండున, ఆదివారం, ఆకు పైకి తీసేసరికి మొన దగ్గర తెల్లగా రెండు పోగులు వేలాడుతున్నాయి. వేలి గోరంత పొడుగు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

రెండు వారాలు ఆగి, వేళ్ళు అంగుళం దాటాక, రాములమ్మ ఇచ్చిన ఇసుక కలిపిన మట్టిలో చిన్న కుండీలో నాటాను. మట్టి తడిసేలా ఒకసారి పోశాను. ఇక మట్టి ఆరేదాకా ముట్టుకోకూడదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి చేయి మామూలుగా గ్లాసు నింపింది. బాల్కనీలోకి వెళ్ళాను. కుండీలో వేలు రెండు కణుపుల దాకా పెట్టాను. తడిగా ఉంది. పోయకూడదు. గ్లాసులో ఆకు లేదు. సింకులో పోయలేను. గుమ్మంలో ఎవరూ లేరు. ఆరు నెలలుగా ఏదో ఒక మొక్క ఆయన వంతు నీళ్ళు తీసుకుంది. ఆ పొద్దున తీసుకునేవాళ్ళు లేరు.

కాసేపు అలాగే నిలబడి, తర్వాత నేనే తాగేశాను. అన్నీ, ఒక్క గుక్కలో కాదు, ఆగి ఆగి. అప్పుడు వచ్చింది ఏడుపు. ఖాళీ గ్లాసు పట్టుకుని, ఎదుటి గోడ కేసి చూస్తూ, ఆయన్ని పేరు పెట్టి పిలిచి మరీ ఏడ్చాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా పిలవలేదు.

ఏడు గంటలకి చిన్మయి ఫోన్ చేసింది, ఆఫీసు బస్సులోంచి.

"మొక్కకి నీళ్ళు పోశావా?"

"లేదు. మట్టి తడిగా ఉంది."

"మరి గ్లాసు?"

"నేనే తాగేశానే," అన్నాను.

అవతల బస్సు హారను వినిపించింది. తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు. "తిన్నావా?" అని అడగకుండానే పెట్టేసింది. నేను లోపలికెళ్ళి గ్లాసు కడిగి, మిగతా గ్లాసుల పక్కన బోర్లించాను.